ఆరుగురు ఎక్కడ తప్పిపోయారు?

ప్రశ్న: "పీజీ ప్రాజెక్టు కోసం ఒక తయారీ యూనిట్‌లో ఉద్యోగుల సర్వే చేస్తున్నాను. అక్కడ గోడకు అంటించిన పట్టికను ఫోన్లో ఫొటో తీసుకొచ్చాను. ప్రొడక్షన్ 642, ప్యాకింగ్ 418, స్టోర్స్ 213, ఆఫీసు 131, సెక్యూరిటీ 36. కింద మొత్తం 1500 అని ఉంది. శాంపిల్ సరిగ్గా 120 మంది ఉండాలని గైడు గారు గట్టిగా చెప్పారు. ఒక్కో గ్రూపులో ఎంతమంది ఉన్నారో దాన్ని బట్టి శాంపిల్‌ను పంచే ప్రపోర్షనల్ అలోకేషన్ ఫార్ములా వేసి దగ్గరి పూర్ణసంఖ్యకు సవరిస్తే 114 వస్తోంది. అన్నిటినీ పైకి సవరించినా 118 దగ్గరే ఆగిపోతోంది. నాతో కలిసి ప్రాజెక్టు చేస్తున్న అమ్మాయి 'ఆ ఆరుగురినీ ప్రొడక్షన్‌లో కలిపెయ్, ఎవరు చూస్తారు' అంటోంది. నాకు మనసొప్పడం లేదు. రెండు రోజులుగా మా ఇద్దరికీ మాటల్లేవు. పైగా నాకు అసలు ఆసక్తి సెక్యూరిటీ వాళ్ల డ్యూటీ గంటల మీద. వాళ్లలో ముగ్గురే వస్తున్నారు. గైడు గారిని అడిగితే తిడతారేమోనని టెన్షన్. ఏం చేయాలి?"

— పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం:

మీ ఫార్ములా సరైనదే. మీ స్నేహితురాలితో గొడవ కూడా అసలు అక్కర్లేనిది, ఎందుకంటే మీరిద్దరూ ఆ ఆరుగురిని ఎక్కడ కూర్చోబెట్టాలా అని వాదించుకుంటున్నారు. వాళ్లు ఎలా పోయారన్నది ఇద్దరూ చూడలేదు. మీరు రాసిన ఐదు అంకెలనూ ఒకసారి కూడండి. 1500 రాదు, 1440 వస్తుంది. పట్టికలోనే అరవై మంది తగ్గారు. మీ 120 అంటే 1500లో ఎనిమిది శాతం. అరవైలో ఎనిమిది శాతం దాదాపు ఐదుగురు. మీ ఆరుగురిలో ఐదుగురు అక్కడ పోయారు. మిగిలిన ఆ ఒక్కరి కథ వేరు, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ఇది కూడి చూడకుండానే తెలిసే మార్గం కూడా ఉంది. మీకు ముందు ముందు పనికొస్తుంది కాబట్టి చెబుతున్నాను. దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించినప్పుడు ఒక్కో గ్రూపు పోగొట్టుకునేది అర కంటే తక్కువే. ఐదు గ్రూపులూ కిందికే సవరించుకున్నాయనుకున్నా మొత్తం మీద పోయేది రెండున్నర లోపు, అంటే ఇద్దరు. ఐదు గ్రూపుల పట్టికలో ఇద్దరు తగ్గితే సవరణ వల్ల అనుకోవచ్చు. ఆరుగురు తగ్గారంటే సవరణ మీదికి నెట్టడానికి లేదు. మీ 118 అయితే ఇంకా తేటగా చెప్పేస్తోంది. అన్నిటినీ పైకి సవరించినప్పుడు మొత్తం 120 కంటే తగ్గడం అనేది జరగదు. తగ్గిందంటే పట్టికలో అంకెలు పట్టికలోని మొత్తానికి కూడిరావడం లేదన్నమాటే.

ఇక్కడ మీ అదృష్టం ఒకటుంది. మీరు భాగహారంలో పట్టికలో అచ్చయిన 1500నే వాడారు. ఐదింటినీ మీరే కూడుకుని 1440 అని వేసి ఉంటే ఏమయ్యేదో తెలుసా? 120ని 1440తో భాగిస్తే పన్నెండులో ఒక వంతు. ప్రొడక్షన్‌కు 53.5, ప్యాకింగ్‌కు 34.83, స్టోర్స్‌కు 17.75, ఆఫీసుకు 10.92, సెక్యూరిటీకి సరిగ్గా 3 వచ్చేవి. సవరించి కూడితే 121. ఒక్కరేగా ఎక్కువని ఎక్కడో ఒకరిని తీసేసి మీరు హాయిగా ఫీల్డుకు వెళ్లిపోయేవారు. తప్పు లోపలే ఉండిపోయేది. చాలామంది ఎక్సెల్‌లో టైపు చేసి కింద SUM వేసుకుని దాన్నే మొత్తంగా తీసుకుంటారు. అంకె తప్పు చదివినా ఆ తప్పు మొత్తంలోకి కూడా వెళ్లిపోయి లెక్క అందంగా కుదిరిపోతుంది. అందుకే ఫొటోలోని మొత్తాన్ని విడిగా టైపు చేసుకుని, మీ కూడికను దాని పక్కన పెట్టి చూసుకోవాలి.

ఇప్పుడు ఆ అరవై ఎక్కడ? తేడా సరిగ్గా అరవై కాబట్టి పదుల స్థానంలో ఒక అంకె ఆరు తక్కువగా చదివి ఉండాలి. 1ని 7గా మార్చినా, 3ని 9గా మార్చినా ఆరు పెరుగుతుంది. ఫొటోల్లో ఎక్కువగా తారుమారయ్యేది 1, 7. పైగీత మీద లైటు మెరుపు పడిందంటే 7 కాస్తా 1 అయిపోతుంది. నా అనుమానం స్టోర్స్ మీద: 213 కాదు, 273 అయి ఉంటుంది. కానీ అనుమానంతో దిద్దేయకండి. ప్యాకింగ్ 418 కూడా 478 కావచ్చు, ఆఫీసు 131 కూడా 191 కావచ్చు, సెక్యూరిటీ 36 కూడా 96 కావచ్చు. నాలుగింట్లో ఏది మార్చినా 1500 వచ్చేస్తుంది. ఎక్కడో తప్పుందని మొత్తం చెబుతుంది గానీ ఏ వరుసలో ఉందో చెప్పదు. దానికి ఫొటోను పెద్దది చేసి, అదే పట్టికలో మిగతా 1లు ఎలా ఉన్నాయో స్టోర్స్ వరుసలోని ఆ అంకె పక్కన పెట్టి చూడాలి. 418లోనూ 131లోనూ 1లు ఉన్నాయిగా, వాటి సన్నదనం, నిలువు, కింద అడ్డగీత ఉందా లేదా అన్నవి పోల్చండి. ఇంకో అవకాశం కూడా కొట్టిపారేయకండి. అరవై మంది ఉన్న ఆరో గ్రూపు ఒకటి కాగితం మడతలోనో, ఫొటో అంచు బయటో ఉండిపోయి ఉండొచ్చు. అదే నిజమైతే వాళ్లకు 4.8, అంటే ఐదుగురు రావాలి, స్టోర్స్‌కు మీరు వేసిన 17 అలాగే ఉంటుంది.

కాబట్టి మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ఆ యూనిట్‌కు ఫోన్ చేసి స్టోర్స్‌లో ఎంతమందో, పట్టికలో ఎన్ని వరుసలో అడగడం. రెండు నిమిషాల పని. రెండోది, ఎవరూ దొరక్కపోతే ఫొటోలో కనిపించినదాన్ని బట్టి 273గా తీసుకుని, ఎందుకలా తీసుకున్నారో రిపోర్టులో ఒక వాక్యం రాయడం. రెండో దారి తప్పేమీ కాదు. కాకపోతే తర్వాత అది 273 కాదని తేలితే అలోకేషన్ మొత్తం తిరగరాయాలి, అప్పటికి ఇంటర్వ్యూలు అయిపోయి ఉంటే ఇబ్బంది పడతారు.

మీ స్నేహితురాలు చెప్పినట్టు ఆరుగురినీ ప్రొడక్షన్‌కు ఇచ్చేస్తే ఏమవుతుందో కూడా చూద్దాం, ఆవిడకు చూపించడానికైనా పనికొస్తుంది. ప్రొడక్షన్‌కు 57 అవుతారు. అంటే శాంపిల్‌లో 47.5 శాతం. అసలు ఉద్యోగుల్లో వాళ్ల వాటా 42.8 శాతమే. స్టోర్స్ నిజంగా 273 అయితే వాళ్ల వాటా 18.2 శాతం, శాంపిల్‌లో 17 మందితో 14.2 శాతానికి పడిపోతుంది. షిఫ్టుల గురించి ప్రొడక్షన్ వాళ్ల మాట ఒకటి, స్టోర్స్ వాళ్ల మాట ఇంకొకటి అయితే మీ సగటు ప్రొడక్షన్ వైపు మొగ్గుతుంది. ఆ మొగ్గు తర్వాత ఎవరికీ కనపడదు, ఎందుకంటే కాగితం మీద 120 సరిపోయింది కదా.

మొత్తం సరిపోయినంత మాత్రాన అన్నీ సరిగ్గా ఉన్నట్టు కాదు. నేను సర్వే పనిలో కొత్తగా చేరినప్పుడు వంకరగా తీసిన ఒక ఫొటో చూసి పట్టిక టైపు చేశాను. పేర్లు ఎడమవైపు, అంకెలు కుడివైపు, మధ్యలో బోలెడు ఖాళీ. చూపు ఒక వరుస కిందికి జారి రెండు గ్రూపుల అంకెలు తారుమారయ్యాయి. కూడిక సరిగ్గా వచ్చింది, ఎందుకు రాదు, అంకెలన్నీ అవేగా! ముప్పై మంది కూడా లేని ఒక సెక్షన్‌లో నలభై మందిని అడగమని నా కాగితం చెప్పినప్పుడు గానీ తప్పు తెలియలేదు. అందుకని ఫొటో మీద ఒక స్కేలో, కాగితం అంచో అడ్డంగా పెట్టుకుని వరుస వరుసా చదవండి.

సరే, స్టోర్స్ 273 అని తేలిందనుకుందాం. ఇప్పుడు ఐదూ కూడితే 1500. ఫార్ములా మీకు తెలిసిందే:

n_h = n × N_h / N

n_h అంటే ఒక గ్రూపు నుంచి తీసుకోవాల్సినవాళ్లు, N_h ఆ గ్రూపులో ఉన్నవాళ్లు, n మొత్తం శాంపిల్, N మొత్తం ఉద్యోగులు. ఇక్కడ 120ని 1500తో భాగిస్తే 0.08, కాబట్టి ప్రతి గ్రూపునూ 0.08తో గుణిస్తే చాలు. ప్రొడక్షన్ 51.36, ప్యాకింగ్ 33.44, స్టోర్స్ 21.84, ఆఫీసు 10.48, సెక్యూరిటీ 2.88. దగ్గరి పూర్ణసంఖ్యలు 51, 33, 22, 10, 3. కూడితే 119. ఇదిగో, ఇందాక పక్కన పెట్టిన ఆ ఒక్కరు. ఇది నిజంగానే సవరణలో పోయిన మనిషి, దీనికి మీ తప్పేమీ లేదు.

ఆ ఒక్కరిని ఎవరికివ్వాలి? పెద్ద గ్రూపు కాబట్టి ప్రొడక్షన్‌కు ఇవ్వాలని అందరికీ అనిపిస్తుంది. దానికంటే సమర్థించుకోగలిగిన పద్ధతి ఇంకొకటి ఉంది. ముందు దశాంశాలన్నీ వదిలేసి పూర్ణభాగాలే తీసుకోండి: 51, 33, 21, 10, 2. మొత్తం 117. ఇంకా ముగ్గురు కావాలి. వదిలేసిన భాగం ఎవరికి ఎక్కువగా ఉందో చూసి వరుసగా ఒక్కొక్కరిని ఇవ్వండి. సెక్యూరిటీకి 0.88, వాళ్లకొకరు. స్టోర్స్‌కు 0.84, వాళ్లకొకరు. మూడో స్థానంలో 0.48తో ఆఫీసు ఉంది, 0.36 ఉన్న ప్రొడక్షన్ కాదు. చివరికి 51, 33, 22, 11, 3. మొత్తం 120.

ప్రొడక్షన్‌కు ఇచ్చి 52 చేస్తే కొంప మునుగుతుందా అంటే మునగదు. ఒక్క మనిషి అంటే శాంపిల్‌లో ఒక శాతం కూడా కాదు. కానీ వైవాలో 'ఇతన్ని ఇక్కడే ఎందుకు చేర్చారు' అని అడిగితే మొదటి పద్ధతికి 'పెద్ద గ్రూపు కదా సార్' అని నసగాలి, రెండోదానికి నియమం చూపించవచ్చు. ఇంకో దారి, గైడు గారు ఒప్పుకుంటే 119తోనే ఉండిపోవడం. మీ గైడు గారి సంగతి మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆ మాట ఎత్తకపోవడమే నయం.

ఈ మిగులు పద్ధతి శాంప్లింగ్ వాళ్లు కనిపెట్టింది కాదు. జనాభాను బట్టి రాష్ట్రాలకు సీట్లు పంచడానికి అమెరికాలో అలెగ్జాండర్ హామిల్టన్ ఇదే సూచించాడు. ఆ బిల్లును 1792లో జార్జి వాషింగ్టన్ వీటో చేశాడు. తర్వాత వాడుకలోకి వచ్చాక 1880 జనాభా లెక్కలతో ఒక వింత బయటపడింది. సభలో 299 సీట్లుంటే అలబామాకు 8 వస్తున్నాయి, 300 ఉంటే 7 వస్తున్నాయి. మొత్తం పెరిగితే వాటా తగ్గింది! ఈ చరిత్ర ఇప్పుడెందుకంటే, ఆ వింత మీ పట్టికలోనే కూర్చుని ఉంది. శాంపిల్‌ను 121కి పెంచి చూడండి. ప్రొడక్షన్ 51.79, ప్యాకింగ్ 33.72, స్టోర్స్ 22.02, ఆఫీసు 10.57, సెక్యూరిటీ 2.90. పూర్ణభాగాలు 118, మళ్లీ ముగ్గురు కావాలి. ఈసారి వాళ్లు సెక్యూరిటీకి, ప్రొడక్షన్‌కు, ప్యాకింగ్‌కు వెళతారు. ఆఫీసుకు 10 మందే మిగులుతారు. 120లో 11 మంది, 121లో 10 మంది. ఎవరైనా చివర్లో 'ఇంకొకరిని కలపండి' అంటే పాత లెక్కకు ఒకరిని అతికించారా, మొత్తం మళ్లీ వేశారా అన్నది తేడా చేస్తుంది. మళ్లీ వేస్తే ఒక గ్రూపు తగ్గడం చూసి లెక్క తప్పిందని కంగారు పడకండి. ఇంటర్వ్యూలు మొదలయ్యాకైతే మళ్లీ వేయకపోవడమే మంచిది, చేసిన ఇంటర్వ్యూను వెనక్కి తీసుకోలేరు కదా.

ఇక సెక్యూరిటీ. నా దృష్టిలో మీ ఉత్తరంలో అసలైన చిక్కు ఇదే, మీరు చివర్లో ఒక్క మాటలో వదిలేశారు.

ప్రపోర్షనల్ అలోకేషన్ యూనిట్ మొత్తం గురించి చెప్పడానికి పనికొస్తుంది. ప్రతి గ్రూపు గురించి విడిగా చెప్పడానికి అది పుట్టలేదు. 36 మందికి ముగ్గురు రావడం న్యాయమే, కానీ ఆ ముగ్గురిలో ఒకరు మాట మారిస్తే మీ శాతం 33 మారిపోతుంది. 'సెక్యూరిటీలో 67 శాతం మంది పన్నెండు గంటల డ్యూటీ చేస్తున్నారు' అని రాస్తే దాని వెనక ఉన్నది ఇద్దరు మనుషులు. ముగ్గురున్నారు కాబట్టి లెక్క ఆగిపోదు, గ్రూపు లోపలి తేడాను అంచనా వేయడానికి కనీసం ఇద్దరుంటే చాలు. కానీ ఆ అంచనా మీద బరువు వేయలేం.

మీరు 120 దాటకుండానే చేయగలిగినవి మూడు కనిపిస్తున్నాయి. మొదటిది, అలోకేషన్‌ను అలాగే ఉంచి, సెక్యూరిటీ గురించి విడిగా శాతాలేవీ ఇవ్వకపోవడం. వాళ్లలో ఇంకో నలుగురైదుగురితో విడిగా కూర్చుని మాట్లాడి, వాళ్లు చెప్పినవి మాటల్లోనే రాయొచ్చు, లెక్కల్లో కలపకుండా. తేలికైన దారి ఇదే, గైడు గారికీ అభ్యంతరం ఉండదు. కాకపోతే డ్యూటీ గంటల మీద మీకున్న ప్రశ్నకు అంకెల్లో జవాబు రాదు.

రెండోది, సెక్యూరిటీకి కావాలనే ఎక్కువ ఇవ్వడం. ఉదాహరణకు 15 మంది. మిగిలిన 105 మందిని తక్కిన 1464 మందికి ప్రపోర్షనల్‌గా పంచితే ప్రొడక్షన్ 46, ప్యాకింగ్ 30, స్టోర్స్ 20, ఆఫీసు 9 వస్తాయి. ఈసారి సవరణతోనే సరిగ్గా 105. కానీ దీనికి ఒక షరతుంది. ఇప్పుడు సెక్యూరిటీలో ఒక్కొక్కరు 2.4 మందికి బదులు మాట్లాడుతున్నారు, మిగతావాళ్లలో ఒక్కొక్కరు దాదాపు 14 మందికి. అందర్నీ సమానంగా కూడేస్తే తప్పవుతుంది. ఊహకు ఒక ప్రశ్న తీసుకోండి: 'ఓవర్‌టైమ్ ఎక్కువగా ఉందా' అంటే సెక్యూరిటీ 15లో 12 మంది, మిగతా 105లో 42 మంది అవునన్నారు. నేరుగా కూడితే 54, అంటే 120లో 45 శాతం. బరువులు వేసి చూస్తే 36లో 80 శాతం 28.8, 1464లో 40 శాతం 585.6, రెండూ కలిపి 614.4. దీన్ని 1500తో భాగిస్తే 41 శాతం. ఆ నాలుగు శాతం తేడా సెక్యూరిటీ గొంతు పెద్దది చేసినందువల్ల వచ్చింది, బరువులతో దాన్ని తిరిగి తగ్గించాలి. ఇది చేయగలరనుకుంటే మీ ప్రశ్నకు నాకు నచ్చే దారి ఇదే. రిపోర్టులో మాత్రం దీన్ని ప్రపోర్షనల్ అలోకేషన్ అని రాయకూడదు, గైడు గారికి ముందే చెప్పాలి.

మూడోది, 36 మందినీ అడిగేయడం. అప్పుడు వాళ్ల విషయంలో శాంప్లింగ్ అనుమానమే ఉండదు. కానీ మిగిలేది 84 మంది. 1464 మందిని వాళ్లు మోయాలి, ఆఫీసులాంటి గ్రూపుకు ఏడెనిమిది మందే వస్తారు. మీ ప్రాజెక్టు పేరులోనే సెక్యూరిటీ ఉంటే తప్ప నేనైతే ఇటు వెళ్లను.

గైడు గారి దగ్గరికి '114 వస్తోంది సార్, ఏం చేయమంటారు' అని వెళితే తిట్టే అవకాశం ఉంది, కాదనను. ఫొటో, దాని పక్కన మీ కూడిక, 60 తేడా, స్టోర్స్ అంకె మీద మీ అనుమానం, సెక్యూరిటీకి ఈ మూడు దారులు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆయన తేల్చాల్సింది సెక్యూరిటీ సంగతి ఒక్కటే. ఆ కాగితం మీ స్నేహితురాలితో కలిసి రాయండి. కూడిక ఆవిడ చేత చేయిస్తే ఇంకా మంచిది, 1440 వచ్చేసరికి మాటలు వాటంతట అవే మొదలవుతాయి.

యూనిట్‌కు ఫోన్ చేసినప్పుడు అంకె ఒక్కటే అడిగి ఊరుకోకండి. ప్రతి గ్రూపు పేర్ల జాబితా కూడా అడగండి, ఎలాగూ అది లేకుండా ఎవరిని పిలవాలో తేల్చలేరు. స్టోర్స్ జాబితాలో వరుస నంబర్లు 273 దగ్గర ఆగితే ఆ అంకె 1 కాదు 7 అని తేలిపోయినట్టే. పట్టిక అంటించాక ఎవరైనా చేరినా, మానేసినా జాబితాకూ పట్టికకూ తేడా రావచ్చు. అప్పుడు ఐదు గ్రూపులకూ జాబితా లెక్కనే తీసుకోండి, ఒకదానికి పట్టిక, ఇంకోదానికి జాబితా అని కలపొద్దు. తర్వాత ఆ జాబితాల్లోంచి యాదృచ్ఛిక సంఖ్యలతోనే పేర్లు తీయండి. స్టోర్స్‌కు వెళ్లి ఖాళీగా కనిపించిన మొదటి 22 మందిని కూర్చోబెడితే, ఇంత లెక్క వేసింది ఖాళీగా ఉన్నవాళ్ల అభిప్రాయం కోసం అవుతుంది.